ఫ్లోరు పోసిన రోజే వచ్చే పగులు, నెలల తర్వాత తేలే పగులు: రెంటినీ ఆపడం ఎలా

ఫ్లోరు మీద పగులు కనబడితే ముందుగా అది ఎప్పుడు వచ్చిందో కనుక్కోండి. పోసిన రోజు సాయంత్రానికే ఉందా, రెండు మూడు నెలలు గడిచాక తేలిందా? ఈ ఒక్క సమాధానంతో సగం విషయం తెలిసిపోతుంది. మొదటిది కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే పైపొర ఆరిపోయి వచ్చే ప్లాస్టిక్ ష్రింకేజ్ పగులు. రెండోది గట్టిపడ్డ కాంక్రీటులోని తేమ నెమ్మదిగా బయటికి పోయి, ఫ్లోరు మొత్తం కుంచించుకుపోవడం వల్ల వచ్చే డ్రైయింగ్ ష్రింకేజ్ పగులు. సైటులో మాత్రం రెంటికీ ఒకటే మాట వినిపిస్తుంది: నీళ్లు సరిగా కొట్టలేదని. మర్నాడు పొద్దున మొదలుపెట్టే నీళ్లు మొదటి రకాన్ని ఆపలేవు, అప్పటికే అది పగిలి ఉంటుంది. ఎన్ని రోజులు నీళ్లు పెట్టినా రెండో రకం పూర్తిగా ఆగదు, దానికి ముందే కోసి ఉంచే గీతలు, అంటే జాయింట్లు, కావాలి.

ఇక్కడ లెక్కలన్నీ ఒకే ఫ్లోరు మీద చేద్దాం. నేల మీద పోసే ఫ్లోరు, 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 150 మి.మీ. మందం, మధ్య వరసలో రెండు స్తంభాలు. కాంక్రీటు 16.2 ఘనపు మీటర్లు పడుతుంది.

చూసి గుర్తుపట్టడం

ప్లాస్టిక్ ష్రింకేజ్ పగుళ్లు చాలాసార్లు ఏటవాలుగా, ఒకదానికొకటి సమాంతరంగా, 30 నుంచి 90 సెం.మీ. ఎడంతో ఉంటాయి. పైన రెండు మూడు మి.మీ. వెడల్పుతో భయపెట్టేలా కనిపించినా లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి. ఇవి సాధారణంగా ఫ్లోరు అంచుదాకా పోకుండా మధ్యలోనే ఆగిపోతాయి, ఎందుకంటే అంచు దగ్గర కాంక్రీటు కాస్త కదలగలదు. డ్రైయింగ్ ష్రింకేజ్ పగులు అలా కాదు. ఒక అంచు నుంచి ఇంకో అంచుకో, స్తంభం మూల నుంచో, గోడ లోపలికి మలుపు తిరిగిన మూల నుంచో బయలుదేరి, మందం మొత్తాన్నీ చీల్చుకుంటూ పోతుంది.

పచ్చి కాంక్రీటు మీదే వచ్చే ఇంకో పగులు ఉంది. అది సరిగ్గా ఊచల వరస మీదే, ఊచలు పరిచిన గళ్ల ఆకారంలో వస్తుంది. కాంక్రీటు కిందికి కూర్చుంటుంటే ఊచ అడ్డుపడి పైభాగం చీలడం దానికి కారణం. ఆరిపోవడంతో దానికి పెద్దగా పని లేదు, వైబ్రేటర్ సరిగా పట్టడంతోనూ ఊచల మీద తగినంత కవర్ ఉండటంతోనూ పని ఉంది. ఈ వ్యాసంలో దాన్ని పక్కన పెడుతున్నాం.

1. ముందురోజు: ఆవిరి లెక్క వేయండి

కాంక్రీటు పోశాక బరువైన కంకర కిందికి సర్దుకుంటుంటే నీరు పైకి ఊరుతుంది. ఈ ఊట పైన పలచటి పొరగా ఉన్నంతసేపూ భయం లేదు. గాలి లాగేసుకునే నీరు ఊరే నీటిని మించిందంటే పైపొరలో మెరుపు పోతుంది, సిమెంటు రేణువుల మధ్య ఉన్న నీరు లోపలికి కుంగుతూ ఆ రేణువుల్ని దగ్గరికి లాగుతుంది. అప్పటికి కాంక్రీటుకు సాగదీతను తట్టుకునే బలం ఏమాత్రం ఉండదు కాబట్టి చీలిపోతుంది.

మామూలు కాంక్రీటులో ఈ ఊట చదరపు మీటరుకు గంటకు సుమారు 0.5 నుంచి 1.5 కిలోల దాకా ఉంటుంది. అందుకే ఆవిరయ్యే వేగం గంటకు 1 కిలో దాటితే ప్రమాదమని, 0.5 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలని లెక్క. సిలికా ఫ్యూమ్ కలిపిన మిశ్రమాల్లోనూ, నీరు బాగా తగ్గించిన మిశ్రమాల్లోనూ ఊట దాదాపు ఉండదు కాబట్టి వాటికి 0.5 కూడా ఎక్కువే. ఆ వేగం కట్టే సూత్రం ఇది:

```
E = 5 × [(Tc + 18)^2.5 − r × (Ta + 18)^2.5] × (V + 4) / 1000000
```

ఇందులో E అంటే చదరపు మీటరుకు గంటకు ఆవిరయ్యే నీరు, కిలోల్లో. Tc కాంక్రీటు వేడి, Ta గాలి వేడి, రెండూ సెల్సియస్‌లో. r గాలిలో తేమ, అంటే 40 శాతమైతే 0.40 అని వేయాలి. V గాలి వేగం, గంటకు కి.మీ.లలో. గాలి వేగాన్ని ఫ్లోరుకు అర మీటరు ఎత్తులో చూడాలి. వాతావరణ సూచనలో చెప్పే అంకె అంతకంటే ఎత్తున కొలిచింది.

మన ఫ్లోరుకు కాంక్రీటు 32 డిగ్రీలు, గాలి 35 డిగ్రీలు, తేమ 40 శాతం, గాలి వేగం 15 కి.మీ. అనుకుందాం. E 0.90 వస్తుంది. 108 చదరపు మీటర్ల మీద గంటకు 97 లీటర్ల నీరు గాలిలో కలిసిపోతోందన్నమాట. ఇప్పుడు ఒక్కో అంకెనూ మార్చి చూడండి. గాలికి అడ్డు కట్టి వేగాన్ని 5 కి.మీ.కి దించితే E 0.43కి పడిపోతుంది. గాలిని వదిలేసి, కాంక్రీటును మాత్రం 28 డిగ్రీలకు చల్లబరిస్తే 0.59 అవుతుంది. చల్లబరచడానికి ఐసు కావాలి, గాలి ఆపడానికి నాలుగు కర్రలు, టార్పాలిన్లు చాలు.

ఎండ ఉంటేనే ఈ పగులు వస్తుందన్న నమ్మకం కూడా ఇక్కడే తేలిపోతుంది. చలిరోజున గాలి 12 డిగ్రీలు, తేమ 50 శాతం, కాంక్రీటు 25 డిగ్రీలు, గాలి వేగం అదే 15 కి.మీ. పెట్టి చూడండి. E 0.92 వస్తుంది, ఆ ఎండరోజు కంటే ఓ పిసరు ఎక్కువే. చల్లటి గాలిలో వెచ్చటి కాంక్రీటు నీటిని త్వరగా వదిలేస్తుంది. ఆ రోజుల్లో కాంక్రీటు గట్టిపడటానికీ ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ప్రమాదపు గంటలు కూడా పెరుగుతాయి.

2. పోసే రోజు

కింది నేల పొడిగా ఉంటే ముందురోజు సాయంత్రమే తడపండి. పోసే సమయానికి నేల తడిగా ఉండాలి తప్ప గుంటల్లో నీరు నిలిచి ఉండకూడదు. పొడి నేల కింది నుంచి నీరు పీల్చేస్తే పైకి ఊరాల్సింది తగ్గిపోతుంది. పాలిథీన్ షీటు పరిచి పోస్తుంటే ఆ ఇబ్బంది లేదు. కాకపోతే అప్పుడు నీరంతా పైనుంచే పోవాలి, కింద తడిగానూ పైన పొడిగానూ ఉన్న ఫ్లోరు కొన్ని నెలలకు మూలల దగ్గర పైకి లేస్తుంది.

గాలి వచ్చే వైపు మనిషెత్తు టార్పాలిన్లు కాంక్రీటు రాకముందే కట్టండి. పోయడం మొదలయ్యాక అందరి చేతులూ నిండిపోతాయి, అప్పుడు కట్టేవాళ్లుండరు. ఎండ, గాలి తగ్గాక సాయంత్రం పోయగలిగితే ఇంకా మంచిది. గాలి 28 డిగ్రీలు, తేమ 60 శాతం, కాంక్రీటు 30, గాలి వేగం 8 ఉంటే E 0.44 మాత్రమే.

కాంక్రీటు బిగుసుగా ఉందని పైపు పెట్టి నీళ్లు కలపనివ్వకండి. ఘనపు మీటరుకు 10 లీటర్లు అదనంగా పోస్తే ఈ ఫ్లోరులో 162 లీటర్లు. సిమెంటు తనలో కలుపుకోగలిగే నీరు ముందే సరిపడా ఉంది కాబట్టి ఈ అదనమంతా తర్వాతి నెలల్లో ఆరిపోవాల్సిందే, ఆ మేరకు ఫ్లోరు ఇంకాస్త కుంచించుకోవాల్సిందే. పోయడం సులువు కావాలంటే, నీరు పెంచకుండానే కాంక్రీటును జారేలా చేసే ప్లాస్టిసైజర్ పెంచండి.

మట్టం చేసిన వెంటనే, ఫ్లోటు పట్టే లోపు, పైన సన్నటి నీటి తుంపర పట్టండి. నాజిల్ నుంచి వచ్చేది గాలిలో పొగమంచులా తేలాలి, ఫ్లోరు మీద చుక్కలు పడి గుంటలు చేయకూడదు. ఆవిరి తగ్గించే మందు, అంటే నీటి మీద పలచటి పొరగా పరుచుకునే ఎవాపరేషన్ రిటార్డర్, దొరికితే మట్టం చేశాక ఒకసారి, ఫ్లోటు పట్టాక ఒకసారి కొట్టండి. అది రోజుల తరబడి తేమను పట్టి ఉంచే క్యూరింగ్ కాంపౌండ్ కాదు, ఆ కొద్ది గంటలకే పనికొస్తుంది. తుంపరైనా మందైనా ఆవిరిని తగ్గించడానికే. అలా తడిసిన పైభాగాన్ని తాపీతో లోపలికి రుద్దితే పైపొరలో నీరు పెరిగి, తర్వాత సన్నటి వల లాంటి గీతలు పడతాయి, ఫ్లోరు దుమ్ము కూడా రాలుతుంది. ఊరిన నీరు పైన ఉండగా తాపీ పట్టడమూ, ఆ నీరు పీల్చాలని పొడి సిమెంటు చల్లడమూ ఇదే పని చేస్తాయి.

పాలిప్రొపిలీన్ ఫైబర్ వేయాలనుకుంటే ఘనపు మీటరుకు 0.9 కిలో, అంటే ఈ ఫ్లోరుకు 15 కిలోల లోపే సరిపోతుంది. పచ్చి కాంక్రీటు పగులును అది బాగానే అడ్డుకుంటుంది. ఆ మోతాదులో నెలల తర్వాత వచ్చే పగులును మాత్రం ఆపలేదు కాబట్టి ఫైబర్ వేశామని జాయింట్లు మానేయకండి.

ఇంత చేసినా పగులు తేలితే కంగారు పడే ముందు కాంక్రీటు ఏ దశలో ఉందో చూడండి. నిలబడితే బూటు అచ్చు ఐదారు మి.మీ. లోతు దిగుతుంటే ఇంకా సమయం ఉంది. పగులుకు రెండు వైపులా ఫ్లోటుతో గట్టిగా అదిమి, కొట్టి, అడుగుదాకా మూసుకునేలా చేయండి. పగులు మీద సిమెంటు పాలు పూసి తాపీతో నున్నగా లాగితే కంటికి కనబడదు, అంతే. లోపల తెరుచుకునే ఉంటుంది, మర్నాడు అదే గీత మళ్లీ బయటపడుతుంది. ఏదేమైనా ముందు గాలిని ఆపండి, లేకపోతే ఒకటి మూస్తుంటే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది.

3. జాయింట్లు: పగులు ఎక్కడ రావాలో మీరే నిర్ణయించండి

గట్టిపడ్డ కాంక్రీటు పూర్తిగా ఆరేసరికి మీటరుకు సుమారు అర మి.మీ. కుంచించుకుంటుంది. మిశ్రమాన్ని, గాలిలో తేమను బట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది. 12 మీటర్లకు 6 మి.మీ. ఫ్లోరు స్వేచ్ఛగా జరగగలిగితే ఏమీ కాదు. కింద నేల పట్టుకుంటుంది, మధ్యలో స్తంభాలు పట్టుకుంటాయి. మీటరుకు 0.1 నుంచి 0.15 మి.మీ. మించి సాగాల్సి వస్తే కాంక్రీటు తట్టుకోలేదు. నెమ్మదిగా ఆరితే క్రీప్ వల్ల, అంటే ఎడతెగని లాగుడుకు కాంక్రీటు మెల్లగా సాగడం వల్ల, కొంత ఒత్తిడి సడలుతుంది గానీ లోటు మొత్తం పూడదు. కాబట్టి పగులు వచ్చి తీరుతుంది. మనం చేయగలిగిందల్లా ముందే గీత కోసి, అక్కడ మందం తగ్గించి, పగులును ఆ గీత కిందికి రప్పించడం.

ఎడం ఎంత ఉండాలన్నదానికి మందానికి 24 నుంచి 36 రెట్లు అన్నది వాడుకలో ఉన్న కొలత, ఎంత మందమైనా 4.5 మీటర్లు దాటించకపోవడం మేలు. మన 150 మి.మీ. ఫ్లోరుకు 3.6 నుంచి 4.5 మీటర్లు. 12 మీటర్ల పొడవును మూడు భాగాలు చేస్తే 4 మీటర్లు, 9 మీటర్ల వెడల్పును రెండు చేస్తే 4.5 మీటర్లు. గడి 4 × 4.5, దాదాపు చతురస్రమే. పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటితే ఆ గడి మధ్యలో అడ్డంగా ఇంకో పగులు వస్తుంది.

స్తంభాలు సరిగ్గా గీతలు కలిసే చోట పడేలా గీతలు గీయండి. స్తంభం చుట్టూ ఫ్లోరుకు, స్తంభానికి సంబంధం లేకుండా 10 మి.మీ. మెత్తటి బోర్డు పెట్టి విడదీయాలి. ఆ విడదీసే డబ్బా వజ్రం ఆకారంలో, అంటే దాని మూలలు గీతల వైపు చూసేలా ఉండాలి. గీతలకు సమాంతరంగా చతురస్రంగా పెడితే ఆ నాలుగు మూలల నుంచీ ఏటవాలు పగుళ్లు బయలుదేరతాయి. గోడల వెంబడి కూడా అదే బోర్డు, ఫ్లోరు పూర్తి మందానికి. లోపలికి మలుపు తిరిగే గోడ మూల ఏదైనా ఉంటే అక్కడి నుంచి తప్పకుండా ఒక గీత మొదలవ్వాలి.

కోత లోతు మందంలో కనీసం నాలుగో వంతు, అంటే ఇక్కడ 38 మి.మీ. 40 పెట్టుకోండి. మొత్తం 30 మీటర్ల కోత: అడ్డంగా 9 మీటర్లవి రెండు, పొడుగునా 12 మీటర్లది ఒకటి. ముందు అడ్డ గీతలు కోయండి, ఎందుకంటే లాగుడు ఎక్కువగా ఉండేది పొడవు దిశలోనే.

అన్నిటికంటే ఎక్కువగా తప్పేది కోసే సమయం. మామూలు కటింగ్ మిషన్‌తో అయితే వేడి వాతావరణంలో తాపీ పని అయ్యాక 4 నుంచి 12 గంటల లోపు కోయాలి, చలిలో 12 నుంచి 24 గంటలు. సాయంత్రం 4కు పోయడం మొదలుపెట్టి 7కు తాపీ ముగిస్తే, కోసే వేళ రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా. మిషన్ మనిషి పది గంటలకు వస్తానంటే అప్పటికి ఫ్లోరు తనకు నచ్చిన చోట పగిలి ఉంటుంది. అందుకే దీపాలు, అదనపు బ్లేడు, మనిషి, అన్నీ ముందే ఏర్పాటు చేసుకోండి. సమయం వచ్చిందో లేదో తెలియాలంటే ఒక అడుగు కోసి చూడండి. కోత అంచులు పెళుసుగా ఊడిపోయి కంకర లేచివస్తే ఇంకో అరగంట ఆగాలి. అంచు కొద్దిగా గరుకుగా ఉన్నా రాళ్లు కదలకపోతే మొదలుపెట్టవచ్చు. బ్లేడుకు ముందే చీలిక పరుగెత్తుతుంటే ఆలస్యమైపోయింది. అక్కడ కోత ఆపేసి తర్వాతి గీతకు వెళ్లండి.

మిషన్ గోడ దాకా పోలేదు, 20–30 సెం.మీ. మిగిలిపోతుంది. ఆ ముక్కను చేతి కట్టర్‌తో అదే లోతుకు కోయండి. వదిలేస్తే పగులు గీత చివరి నుంచి పక్కకు తిరిగి గోడకు చేరుతుంది.

మెష్, అంటే ఇనుప తీగల వల, వేస్తే అది మందంలో పై మూడో వంతులో, ఇక్కడ పైనుంచి సుమారు 50 మి.మీ. లోతులో, చెయిర్లు అనే చిన్న ఆధారాల మీద నిలబడాలి. నేల మీద పరిచి, కాంక్రీటు పోస్తూ కొక్కెంతో పైకి లాగితే అది అడుగునే ఉండిపోతుంది. కోత గీత దగ్గర మెష్‌ను పూర్తిగా ఆపేయండి, లేదా తీగను విడిచి తీగ కత్తిరించండి. అక్కడ మెష్ పూర్తిగా సాగి ఉంటే గీతను బిగించి పట్టుకుంటుంది, అప్పుడు పగులు గడి మధ్యలో చోటు వెతుక్కుంటుంది.

ఈ కోత పద్ధతి నేల మీద పోసిన ఫ్లోర్లకే. స్తంభాలు, బీముల మీద మోసే పైకప్పు స్లాబును కోస్తే దాని పనితనమే దెబ్బతింటుంది. అక్కడ పగులును సన్నగా ఉంచేది డిజైన్‌లో ఇచ్చిన డిస్ట్రిబ్యూషన్ స్టీల్. మొదటి గంటల జాగ్రత్త, క్యూరింగ్ మాత్రం దానికీ ఇవే.

4. క్యూరింగ్

చివరి తాపీ అయ్యి పైన మెరుపు పోగానే క్యూరింగ్ మొదలవ్వాలి. మర్నాడు దాకా ఆగితే మొదటి రాత్రి పైపొర ఆరిపోతుంది. కోత పని కూడా ఆ రాత్రే ఉంది కాబట్టి క్యూరింగ్ కాంపౌండ్ వీలుగా ఉంటుంది. లీటరుకు 5 చదరపు మీటర్ల లెక్కన 108కి సుమారు 22 లీటర్లు. అందులో సగం ఒక దిశలో, మిగతా సగం దానికి అడ్డంగా కొట్టండి. తెల్ల రంగు కలిపినదైతే ఎక్కడ తప్పిపోయిందో కనబడుతుంది. కోత అయ్యాక మిషన్ తిరిగిన చోట్ల ఆ పొర చెదిరిపోతుంది, అక్కడ మళ్లీ కొట్టాలి. తర్వాత టైల్సో ఎపాక్సీ పూతో వేసేదైతే కాంపౌండ్ వాడకండి, పైది అతకదు. అప్పుడు పాలిథీన్ షీటు 30 సెం.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచి, అంచులకు బరువులు పెట్టి, కోసేచోట మాత్రం తీసి మళ్లీ కప్పండి.

నీటితో చేసేదైతే తడి గోనెలు, లేదా అంచుల్లో కట్టలు కట్టి 25–50 మి.మీ. నిలబెట్టిన నీరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో తడిపి వదిలేయడం క్యూరింగ్ కిందికి రాదు, మధ్యలో ఫ్లోరు ఆరుతూ తడుస్తూ ఉంటుంది. నీరు కాంక్రీటు కంటే 11 డిగ్రీలకు మించి చల్లగా ఉండకూడదు, ఆ తేడాకే పైన చీలికలు వస్తాయి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లేదా స్లాగ్ ఎక్కువున్న సిమెంటుకు 10 నుంచి 14. ఆపేటప్పుడు గోనెల్ని ఒక్కసారిగా తీయకుండా వాటంతట అవే ఆరనిచ్చి, ఆ తర్వాత ఎత్తండి.

క్యూరింగ్ ముగిశాక కుంచించుకోవడం మొదలవుతుంది, మొత్తంగా తగ్గేది కొంచెమే. మీకు దక్కేది సమయం. ఆలోపు కాంక్రీటుకు సాగదీతను తట్టుకునే బలం వస్తుంది, పైపొర అడుగు కంటే మరీ ముందుగా ఆరిపోకుండా ఉంటుంది.

5. పగులు వచ్చేశాక

గట్టిపడ్డ ఫ్లోరులో మిగిలిన ప్లాస్టిక్ పగుళ్లు ఇక పెరగడం అరుదు. వాటిని బ్రష్షుతో, గాలితో శుభ్రం చేసి పలచటి ఎపాక్సీ పోయవచ్చు. సన్నటివైతే లేటెక్స్ కలిపిన సిమెంటు స్లర్రీ తోయవచ్చు. డ్రైయింగ్ పగులును మాత్రం వెంటనే పూడ్చకండి. పగులుకు అటూ ఇటూ రెండు పెన్సిల్ గీతలు గీసి, నెలకోసారి వాటి మధ్య దూరం కొలవండి. రెండు కొలతల మధ్య తేడా ఆగాకే పూడ్చాలి. ఇంకా కదులుతున్నదాన్ని గట్టి పదార్థంతో పూడిస్తే పక్కనే కొత్తది వస్తుంది, తప్పనిసరైతే సాగే పాలియురేథేన్ సీలెంట్ వాడండి.

కోత గీతల్ని కూడా వీలైనంత ఆలస్యంగా నింపాలి, కనీసం 60 నుంచి 90 రోజులు. చక్రాల బళ్లు తిరిగే చోట గీత అంచులు విరగకుండా సెమీ రిజిడ్ ఎపాక్సీని కోత లోతంతా నింపుతారు. నింపే ముందు టార్చి పెట్టి గీతల అడుగు చూడండి. ప్రతి గీత అడుగునా వెంట్రుక మందం పగులు కనిపిస్తే జాయింట్లు పనిచేసినట్టే, కదలిక వాటి మధ్య పంచుకుంది. అడ్డ గీతలు రెంటిలో ఒకటి నాలుగైదు మి.మీ. తెరుచుకుని రెండోది మూసుకునే ఉంటే, కోత ఆలస్యమైందనో లోతు చాలలేదనో అర్థం. ఆ తెరుచుకున్న గీత రెండింటి కదలికనూ మోస్తోంది. దాన్ని అన్నిటికంటే చివర్లో, సాగే సీలెంట్‌తో మాత్రమే నింపండి.